ఇంజనీరు పిటిషన్ తిరస్కరిస్తే: అప్పీలు వాదన ఎలా తయారవుతుంది

పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల అమెరికా వీసా వ్యవహారం చూసేది హైదరాబాద్ కాన్సులేటు కాదు, చెన్నై కాన్సులేటు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా హైదరాబాద్ కిందికి వస్తాయి. అండమాన్ నికోబార్ దీవులు తమిళనాడు, కర్ణాటక, కేరళలతో పాటు చెన్నై పరిధిలో ఉన్నాయి. అందుకే అమెరికాలో ఉన్న అబ్బాయి నుంచి 'వీసా రిజెక్ట్ అయింది' అని ఫోను రాగానే, ఇంట్లోవాళ్లు చెన్నైలో ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారా అని వెతుకుతారు. చాలాసార్లు ఆ తిరస్కరణకూ చెన్నైకీ సంబంధమే ఉండదు.

ఉద్యోగం కోసం ఇచ్చే హెచ్-1బి రెండు మెట్లలో వస్తుంది. మొదట అమెరికాలోని కంపెనీ, 'ఈ మనిషిని ఈ పనికి తీసుకుంటాం' అని అక్కడి ఇమిగ్రేషన్ సర్వీసుకు, అంటే యూఎస్‌సీఐఎస్‌కు, ఐ-129 ఫారం మీద పిటిషన్ వేస్తుంది. అది మంజూరయ్యాకే, మనిషి దేశం బయట ఉంటే కాన్సులేటుకు వెళ్లి పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకుంటాడు. కాన్సులేటులో కాదంటే దాని మీద అప్పీలు లేదు. కాన్సులర్ అధికారి నిర్ణయాన్ని అమెరికా కోర్టులు కూడా మామూలుగా ముట్టుకోవు. పిటిషన్‌ను తిరస్కరిస్తే మాత్రం అప్పీలు ఉంది. కాబట్టి చేతిలో ఉన్న ఉత్తరం ఎవరు పంపారో ముందు చూడాలి.

అప్పీలు చేసే హక్కు ఎవరిదన్నది ఇంకో చిక్కు. పిటిషన్ వేసింది కంపెనీ. చట్టం దృష్టిలో కక్షిదారు కంపెనీయే. ఇంజనీరు కేవలం లబ్ధిదారుడు. అతని జీవితమే తలకిందులవుతున్నా, ఈ అప్పీలు మీద అతను సంతకం పెట్టలేడు. అతని తరఫున నాన్నగారు పోర్ట్ బ్లెయిర్‌లో లాయర్‌ను పెట్టుకుని రాయించిన అర్జీ ఆ ఫైల్లో చేరదు. కంపెనీ ముందుకు రాకపోతే ఈ దారి మూసుకున్నట్టే.

ఇక ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది నేను కల్పించినది. ఇందులోని చట్టం మాత్రం అసలైనది. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టిన తెలుగు అబ్బాయి అక్కడి అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి, పాండిచ్చేరి యూనివర్సిటీ నుంచి బీటెక్ పట్టా తీసుకున్నాడు. తర్వాత టెక్సస్‌లో మెకానికల్ ఎమ్మెస్ చేశాడు. చదువు తర్వాత వచ్చే ఓపీటీ అనుమతి మీద, రేవుల్లో వాడే ఉక్కు కట్టడాలు తయారుచేసే చిన్న కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. హెచ్-1బి లాటరీలో పేరు వచ్చింది. 2025 జూన్‌లో కంపెనీ పిటిషన్ వేసింది. అక్టోబరులో 'ఇంకా ఆధారాలు పంపండి' అని నోటీసు వచ్చింది. దీన్నే అందరూ ఆర్‌ఎఫ్‌ఈ అంటారు. జవాబు పంపారు. 2026 మార్చి 3న తిరస్కరణ ఉత్తరం పోస్టులో పడింది.

ఉత్తరం ఆరేడు పేజీలుంటుంది. అందులో చాలా భాగం చట్టం పాఠం, పంపిన కాగితాల జాబితా. అసలు కారణం ఎక్కడో రెండు మూడు పేరాల్లో ఉంటుంది. మన ఉదాహరణలో కారణాలు రెండు. ఒకటి: ఈ ఉద్యోగానికి 'మెకానికల్, సివిల్ లేదా సంబంధిత ఇంజనీరింగ్ డిగ్రీ' చాలని కంపెనీయే చెప్పింది, ఇన్ని రకాల డిగ్రీలు సరిపోయే పని 'స్పెషాలిటీ ఆక్యుపేషన్' కాదు. రెండు: పని వివరణ పైపైన ఉంది, రోజూ ఏం చేస్తాడో తెలియడం లేదు. అబ్బాయి తెలివితేటల గురించి గానీ, మార్కుల గురించి గానీ, నడవడి గురించి గానీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. అయినా ఇంట్లోవాళ్లు పంపేది ప్రిన్సిపాల్ ఇచ్చిన ప్రశంసాపత్రం, రాష్ట్రస్థాయి బహుమతి సర్టిఫికెట్టు! అడిగినది ఉద్యోగం గురించి. జవాబు కూడా ఉద్యోగం గురించే ఉండాలి.

లాయరు ముందుగా చేసేది ఉత్తరం పక్కన కాగితం పెట్టుకుని, అధికారి అన్న ప్రతి మాటకూ ఎదురుగా మూడు విషయాలు రాసుకోవడం: ఈ మాట నిజమా, నిజం కాకపోతే దాన్ని కాదనే కాగితం ఫైల్లో ఏ పేజీలో ఉంది, అధికారి చట్టాన్ని సరిగా అన్వయించాడా. చివరికి వాదన పత్రానికి ఎముకల గూడు ఈ పట్టికే.

ఆ పని మొదలయ్యేలోపే గడియారం నడుస్తుంటుంది. ఐ-290బి అనే ఫారం మీద అప్పీలు 30 రోజుల్లో చేరాలి. నిర్ణయం పోస్టులో వస్తే 33 రోజులు. లెక్క మొదలయ్యేది ఉత్తరం చేతికందిన నాటి నుంచి కాదు, వాళ్లు పంపిన నాటి నుంచి. మార్చి 3న పంపారు కాబట్టి 33వ రోజు ఏప్రిల్ 5. 2026లో అది ఆదివారం. కనుక సోమవారం, ఏప్రిల్ 6 దాకా సమయం ఉంటుంది. ఆ రోజుకల్లా ఫారం, ఫీజు ఆఫీసుకు చేరి ఉండాలి. ఆ రోజు పోస్టు చేస్తే చాలదు. అప్పీలైతే పూర్తి వాదన పత్రాన్ని తర్వాత ఇంకో 30 రోజుల్లో పంపొచ్చు. కానీ ఫారంలోనే నిర్ణయంలోని తప్పు ఏమిటో నిర్దిష్టంగా చెప్పాలి. 'నిర్ణయం అన్యాయం, వివరాలు తర్వాత' అని వదిలేసి, ఆ వివరాలు ఎప్పటికీ పంపకపోతే, లోపలికి చూడకుండానే కొట్టేస్తారు.

అదే ఐ-290బి ఫారం మీద మరో రెండు దారులున్నాయి. కొత్త వాస్తవాలు, వాటికి కాగితాలు ఉంటే కేసు మళ్లీ తెరవమని అడగొచ్చు. ఉన్న ఫైలు మీదనే అధికారి చట్టాన్ని తప్పుగా అన్వయించాడంటే పునరాలోచించమని అడగొచ్చు. ఈ రెండూ కాదన్న ఆఫీసుకే తిరిగి వెళ్తాయి, వీటికి అన్ని కాగితాలూ ఫారంతో పాటే పెట్టాలి. అప్పీలు మాత్రం ఏఏఓ అనే పై విభాగానికి చేరుతుంది. మూడు దారుల్లో దేన్ని ఎంచుకోవాలన్నది చేతిలో ఉన్న సరుకును బట్టి ఉంటుంది. మనవాడి కేసులో కొత్త వాస్తవాలు లేవు, చట్టం గురించిన వాదన ఉంది.

'ఇదంతా ఎందుకు, కొత్తగా ఇంకో పిటిషన్ వేస్తే పోదా' అని అడుగుతారు. ఇదివరకే హెచ్-1బి లెక్కలో చేరినవాడికైతే అదే మంచి సలహా. త్వరగా తేలుతుంది కూడా. లాటరీలో వచ్చిన మొదటి పిటిషన్‌కు మాత్రం దాఖలు గడువు దాటితే మళ్లీ వేసే వీలు లేదు, వచ్చే ఏడాది లాటరీ దాకా ఆగాలి. పైగా 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటన, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల చెల్లింపు పెట్టింది. 'ఇంటికొచ్చి మళ్లీ ప్రయత్నిస్తాలే' అనుకోవడం ఇదివరకంత తేలిక కాదు. మనవాడికి అప్పీలు విలువ ఇక్కడే ఉంది.

ఇప్పుడు అసలు విషయం: ఫైలు. అప్పీలు అంటే ఇంకోసారి మొదటి నుంచీ అన్నీ చెప్పుకునే అవకాశమని అందరూ అనుకుంటారు. పూర్తిగా అలా కాదు. 1988లో వచ్చిన సొరియానో తీర్పు ప్రకారం, ఫలానా ఆధారం లేదని ముందే నోటీసు ఇచ్చి, సమయం ఇచ్చి, అయినా పంపకపోతే, అప్పీలులో దాన్ని తెచ్చి చూపినా పట్టించుకోనక్కర్లేదు. మనవాడి కంపెనీకి ఆర్‌ఎఫ్‌ఈలోనే 'పని వివరాలు పంపండి' అని అడిగారు. అప్పుడు వాళ్లు రెండు పేజీల ఉత్తరం, ఎవరి కింద ఎవరు పనిచేస్తారో చూపే చార్టు, రెండు నమూనా తనిఖీ నివేదికలు పంపి ఊరుకున్నారు. కాబట్టి ఇప్పుడు ఇరవై కొత్త నివేదికలు జోడించినా వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. ఉన్న రెండు నివేదికల నుంచే ఎంత పిండగలమో చూడాలి. ఆర్‌ఎఫ్‌ఈకి జవాబిచ్చేందుకు గరిష్ఠంగా 84 రోజులు ఇస్తారు. కేసు గెలిచేదీ ఓడేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే.

లాయరు రాసిన మాట దానంతటదే ఆధారం కాదన్నది దీనికి తోడు నియమం. ఇది ఒబైగ్బెనా తీర్పు నాటిది, అది కూడా 1988లోనే వచ్చింది. 'ఈ ఉద్యోగి సంక్లిష్టమైన లెక్కలు వేస్తాడు' అని వాదన పత్రంలో రాస్తే అది ఒక వాక్యం మాత్రమే. 'రెండో నివేదిక నాలుగో పేజీలో ఉన్న లెక్క చూడండి' అని రాస్తే అది వాదన. ప్రతి వాక్యం చివరా వేలు పెట్టి చూపడానికి ఒక పేజీ సంఖ్య ఉండాలి. నిరూపణకు కావాల్సిన స్థాయి మాత్రం భయపెట్టేంత ఎత్తుగా లేదు. చెప్పినది నిజం కాకపోవడం కంటే నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. 2010 నాటి చావతే తీర్పు దీన్ని తేల్చింది. అధికారి ఉత్తరంలో 'నిస్సందేహంగా రుజువు చేయలేదు' లాంటి మాట కనిపిస్తే, అది దొరికిన తప్పే.

చట్టం వాదనకు వద్దాం. స్పెషాలిటీ ఆక్యుపేషన్ అంటే, ఒక ప్రత్యేక రంగంలో కనీసం బ్యాచిలర్ డిగ్రీ మామూలుగా అవసరమయ్యే పని. ఈ 'మామూలుగా' అన్న మాట మీదే ఏళ్ల తరబడి కొట్లాట జరిగింది. ఇన్నోవా సొల్యూషన్స్ అనే కంపెనీ, భారతీయుడైన ఒక ప్రోగ్రామర్ కోసం వేసిన పిటిషన్‌ను యూఎస్‌సీఐఎస్ తిరస్కరించింది. అమెరికా కార్మిక శాఖ ప్రచురించే వృత్తుల కరదీపికలో, ప్రోగ్రామర్లలో చాలామందికి బ్యాచిలర్ డిగ్రీ ఉంటుందనీ, కొందరు యజమానులు రెండేళ్ల డిగ్రీ ఉన్నవారినీ తీసుకుంటారనీ ఉంది. ఆ రెండో సగాన్ని పట్టుకుని, డిగ్రీ తప్పనిసరి కాదు కదా అన్నారు. జిల్లా కోర్టులో కంపెనీ ఓడింది. 2020 డిసెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగరాసింది. ఒక వృత్తికి సాధారణంగా డిగ్రీ కావాలని కరదీపిక చెబుతుంటే, నిబంధన అడిగే 'మామూలుగా' అన్నదానికి అది సరిపోతుంది, రెండింటి మధ్యా తేడా వెతకడం అర్థంలేని పని అని తేల్చింది. ఆ తిరస్కరణలకు ఆసరాగా ఉన్న 2017 నాటి మెమోను యూఎస్‌సీఐఎస్ 2021 ఫిబ్రవరిలో దేశమంతటికీ రద్దు చేసింది.

మనవాడికి ఇంకా దగ్గరి కేసు ఇన్‌స్పెక్షన్‌ఎక్స్‌పర్ట్ అనే కంపెనీది. అక్కడా ఉద్యోగం క్వాలిటీ ఇంజనీరే. మెకానికల్ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ లేదా సంబంధిత సాంకేతిక డిగ్రీ కావాలని కంపెనీ చెప్పింది. ఇన్ని డిగ్రీలు కుదిరితే అది ప్రత్యేక రంగం కాదని యూఎస్‌సీఐఎస్ కాదంది. 2020 మార్చిలో నార్త్ కరోలినా ఫెడరల్ జిల్లా కోర్టు ఆ కారణం చెల్లదంది. నిబంధనే ఇంజనీరింగ్‌ను పేరుపెట్టి ఒక రంగంగా చెప్పినప్పుడు, అందులో ఒకే ఉపశాఖ ఉండాలని పట్టుబట్టడం చట్టంలో లేదన్నది దాని సారాంశం.

అయితే ఈ తీర్పును చూపించి చేతులు దులుపుకుంటే చాలదు. జిల్లా కోర్టు తీర్పుకు ఏఏఓ కట్టుబడనక్కర్లేదు. అంతకంటే గట్టి ఆధారం ఇప్పుడు నిబంధనలోనే ఉంది. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధన, 'మామూలుగా' అంటే 'ఎప్పుడూ' అని కాదని స్పష్టంగా రాసింది. ఒకటి కంటే ఎక్కువ డిగ్రీలు ఒప్పుకోవచ్చంది. కాకపోతే ప్రతి డిగ్రీకీ ఉద్యోగ విధులతో నేరుగా, అంటే తర్కానికి నిలిచే, సంబంధం ఉండాలి. ఏ ప్రత్యేకతా లేని సాధారణ డిగ్రీ చాలనుకునే ఉద్యోగం మాత్రం కుదరదు. ఈ పిటిషన్ వేసింది జూన్ 2025లో కాబట్టి ఈ నిబంధనే వర్తిస్తుంది. నన్నడిగితే వాదన పత్రంలో దీన్నే మొదట పెట్టి, కోర్టు తీర్పులను దాని వెనక బలంగా నిలబెట్టాలి. చాలామంది తీర్పుల పేర్లతో పేజీలు నింపి, నిబంధనను ఎక్కడో అడుగున పడేస్తారు.

కంపెనీ రాసిన మాటలో నిజమైన బలహీనత 'సంబంధిత ఇంజనీరింగ్ డిగ్రీ' అన్న చోట ఉంది. సంబంధిత అంటే ఏది? ఎలక్ట్రికలా, కెమికలా? దాన్ని ఇప్పుడు కొట్టేసి 'మెకానికల్ మాత్రమే' అని మార్చకూడదు. పిటిషన్ వేశాక ఉద్యోగాన్నే మార్చి అర్హత తెచ్చుకోవడం కుదరదని 1998 నాటి ఇజుమ్మి తీర్పు చెబుతుంది. మార్చడం వేరు, ఉన్నదాన్ని విప్పి చెప్పడం వేరు. అసలు ఉత్తరంలోనే పక్క పేరాలో పదార్థాల బలం, వెల్డింగ్ లోహశాస్త్రం చదివి ఉండాలని కంపెనీ రాసి ఉంటే, సంబంధిత డిగ్రీ అంటే ఈ పాఠాలున్న డిగ్రీ అని, కంపెనీ మొదటి నుంచీ ఇదే ఉద్దేశంతో రాసిందని చూపొచ్చు. ఆ పేరా లేకపోతే ఈ భాగం బలహీనంగానే ఉంటుంది, లాయరు ముందే కంపెనీకి చెప్పాలి.

పని వివరణకు జవాబు మరో రకంగా కడతారు. ఆర్‌ఎఫ్‌ఈ జవాబులో కంపెనీ 'ఉత్పత్తి నాణ్యతను పర్యవేక్షిస్తాడు, బృందాలతో సమన్వయం చేస్తాడు' అని రాసింది. ఇలాంటి వాక్యం ఏ ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకైనా అతుకుతుంది, అధికారి అన్నదాంట్లో తప్పు లేదు. కానీ జతచేసిన నివేదికల్లో అసలు పని ఉంది. వెల్డింగ్ అతుకు మీద అల్ట్రాసోనిక్ పరీక్ష ఫలితాన్ని చదివి, లోపం ఎంత పొడవో తేల్చి, ఉక్కు కట్టడాల వెల్డింగ్‌కు అమెరికాలో వాడే ఎ.డబ్ల్యూ.ఎస్. డి1.1 ప్రమాణం ఒప్పుకునే హద్దుతో పోల్చాడు. ఆ అతుకు అలల ఊపుకు మళ్లీ మళ్లీ ఒత్తిడి పడే చోట ఉంది కాబట్టి, దాని ఆయుష్షు ఎంతో లెక్క కట్టి, అతుకు తీసేసి మళ్లీ వేయాలని నిర్ణయించాడు. పోర్ట్ బ్లెయిర్ జెట్టీల్లో ఉప్పునీరు ఉక్కును ఏం చేస్తుందో చూసి పెరిగినవాడికి ఇది వివరించనక్కర్లేదు గానీ, వర్జీనియాలోనో నెబ్రాస్కాలోనో కూర్చున్న అధికారికి వివరించాలి.

కాబట్టి వాదన పత్రంలో ఒక్కో పని తీసుకుని గొలుసు కట్టాలి. వారంలో సుమారు ఎంత భాగం ఈ పనికి పోతుందో కంపెనీ ఉత్తరంలో ఉన్న శాతం, ఆ పని జరిగినట్టు చూపే నివేదిక పేజీ, ఆ లెక్క వెనక ఉన్న విజ్ఞానం, ఆ విజ్ఞానం నేర్పే పాఠం మెకానికల్ డిగ్రీలోనూ సివిల్ డిగ్రీలోనూ ఎక్కడుందో. ఈ చివరి లింకు చాలా ముఖ్యం. పదార్థాల బలం, కట్టడాల ఒత్తిడి విశ్లేషణ రెండు డిగ్రీల్లోనూ ఉంటాయి. రెండు డిగ్రీలు ఎందుకు సరిపోతాయన్న మొదటి అభ్యంతరానికి ఇదే జవాబు. రెండు కారణాలూ ఒకే గొలుసుతో తెగుతాయి. ప్రొఫెసర్ రాసిన నిపుణుల అభిప్రాయం ఫైల్లో ఉంటే అది సాయమే. కానీ ఆయన కంపెనీ ఉత్తరాన్నే తిప్పి రాశాడనిపిస్తే ఏఏఓ దాన్ని తూకంలో తేలిక చేసేస్తుంది. అలా చేసే అధికారం దానికుంది.

ఇంటి దగ్గర ఉన్నవాళ్లు నిజంగా సాయపడగల చోటు కాగితాల్లోని పేర్లు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక అక్షరం, పట్టాలో పూర్తి పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి. మనకిది సహజం. అధికారికి మాత్రం ఇద్దరు మనుషుల్లా కనిపించొచ్చు. తేడా ఉన్న చోట విడిగా నిలిచే ఆధారంతో సర్దిచెప్పాలని, లేకపోతే మిగతా ఆధారాల మీద కూడా అనుమానం వస్తుందని పాత తీర్పులున్నాయి. ఊరి పేరుతోనూ ఇప్పుడో చిక్కు వచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చింది. పాస్‌పోర్టులో పాత పేరు, ఈమధ్య తెప్పించిన కాగితంలో కొత్త పేరు ఉంటే, రెండూ ఒకే ఊరని అడుగున ఒక్క వాక్యం, దానికి కేంద్ర ప్రకటన ప్రతి ఒకటి చాలు. హిందీలోనో తెలుగులోనో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణ ఉండాలి.

ఇక తర్వాత జరిగేది. అప్పీలు ముందు తిరస్కరించిన ఆఫీసుకే వెళ్తుంది. 45 రోజుల్లో వాళ్లే తప్పు ఒప్పుకుని మంజూరు చేయొచ్చు. లేకపోతే ఏఏఓకు పంపుతారు. ఫైలు పూర్తిగా చేరాక 180 రోజుల్లో తేల్చాలన్నది ఏఏఓ పెట్టుకున్న లక్ష్యం. ఈలోగా అప్పీలు పెండింగులో ఉందన్న కారణంతో పనిచేసే అనుమతి రాదు, దేశంలో ఉండే గడువు పెరగదు. మనవాడికి ఓపీటీ ఇంకా కొన్ని నెలలుంది కాబట్టి దాని మీద పనిచేస్తాడు. అది అయిపోయేలోగా జవాబు రాకపోతే ఏం చేయాలో ఇప్పుడే కంపెనీతో, లాయర్‌తో మాట్లాడుకోవాలి.

ఏఏఓ మొత్తం ఫైలును తాజాగా చూస్తుంది. పాత కారణం తప్పని ఒప్పుకుంటూనే కొత్త లోపం పట్టుకునే అవకాశమూ ఉంది, కంపెనీ సంతకం పెట్టే ముందు ఇది తెలిసి ఉండాలి. మంజూరు చేయొచ్చు, కొట్టేయొచ్చు, లేదా ఫలానా విషయం మళ్లీ చూడమని కింది ఆఫీసుకు తిప్పి పంపొచ్చు. తిప్పి పంపితే కొత్త ఆర్‌ఎఫ్‌ఈ రావొచ్చు, వస్తే కొత్త నివేదికలు పెట్టే తలుపు అప్పుడు మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే, ఇప్పుడు పనికిరావని పక్కన పెట్టిన ఆ ఇరవై తనిఖీ నివేదికలనూ తేదీలవారీగా సర్ది ఉంచమని కంపెనీకి చెప్పాలి.